డైపర్ల పెద్ద ప్యాక్ కొనాలా, చిన్నదా?

"బాబు తొమ్మిదిన్నర కిలోలు. ఎం సైజు 20 ఉన్న ప్యాక్ 240, 76 ఉన్నది 760. పెద్దది కొనేయనా?"

ఇప్పుడు వద్దండీ. పీస్ 12 బదులు 10 పడుతుంది, నిజమే. కానీ 58 వాడేసరికి సైజు మారితే ఒక్కోటి 13 దాటినట్టే. ప్యాకెట్ మీద ఎం 12 కిలోల వరకు అని ఉన్నా, చాలా కంపెనీల్లో ఎల్ 9 నుంచే మొదలవుతుంది. బొద్దు పిల్లలకు ముందే బిగుతవుతుంది. తొడల దగ్గర ఎర్రటి గీతలు పడి చాలాసేపటికీ పోకపోతున్నా, రాత్రి పక్క తడుస్తున్నా ఎల్‌కు మారండి. ముందు చిన్న ప్యాక్ చూసి, సరిపోతేనే పెద్దది. అప్పుడూ పీస్ లెక్కే చూడండి. అదే ధరకు ఎల్‌లో తక్కువ వస్తాయి. తెరవని ఎం ప్యాక్ ఉంటే షాపులో మారుస్తారేమో అడగండి, బిల్లు పారేయకండి.