లైఫ్ సర్టిఫికెట్ కోసం 499 రూపాయలు కట్టించుకున్నారు. అది ప్రభుత్వ వెబ్‌సైటేనా?

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. కాజీపేటలో ఉంటున్నాను, పెన్షను బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ నవంబరులో ఇంటి నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని ఫోనులో వెతికితే మొట్టమొదట వచ్చిన వెబ్‌సైటులో ఆధార్, పీపీఓ, ఖాతా నంబర్లు అడిగారు. ఇచ్చాను. 499 రూపాయలు యూపీఐలో కట్టాను. ‘దరఖాస్తు అందింది’ అని వచ్చింది గానీ సర్టిఫికెట్ రాలేదు. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటున్నారు. ఇది ప్రభుత్వానిదేనా? నా డబ్బు వస్తుందా? పెన్షను ఆగిపోతుందా? — ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఆ ఫోన్ చేస్తున్న వ్యక్తికి ఓటీపీ చెప్పకండి. పెన్షను కార్యాలయం గానీ, బ్యాంకు గానీ, రైల్వే గానీ లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫోన్ చేసి ఓటీపీ అడగదు. ఇప్పటికే ఏదైనా ఓటీపీ చెప్పి ఉంటే, ఈ జవాబు చదవడం ఆపి, బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఖాతా లావాదేవీలను తాత్కాలికంగా నిలిపివేయించి, ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి. 1930 సైబర్ మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే జాతీయ నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోకముందే దాన్ని ఆపించడానికి ప్రయత్నిస్తారు కాబట్టి, అక్కడ గంటల ఆలస్యం కూడా నష్టమే.

మీరు చూసినది ప్రభుత్వ వెబ్‌సైటు కాదని రెండు గుర్తుల వల్ల చెప్పగలను. ఒకటి, రుసుము. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ కోసం 2014 నవంబరులో కేంద్రం ప్రారంభించిన పోర్టల్ పేరు జీవన్ ప్రమాణ్, చిరునామా jeevanpramaan.gov.in. అందులో గానీ, దాని యాప్‌లో గానీ పెన్షనరు నేరుగా సర్టిఫికెట్ తీసుకుంటే పైసా కట్టనక్కర్లేదు. రెండోది ఇంకా ముఖ్యమైనది, అయినా చాలామంది గమనించనిది. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ అంటే మీరు బతికి ఉన్నారని ఆధార్‌లోని మీ ముఖంతోనో, వేలిముద్రతోనో, కనుపాపతోనో అప్పటికప్పుడు సరిపోల్చి ఇచ్చే పత్రం. ఫారం నింపించుకుని, ఓటీపీ మాత్రం అడిగి, ముఖమూ వేలిముద్రా ఏవీ తీసుకోని వెబ్‌సైటు ఆ సర్టిఫికెట్‌ను పుట్టించలేదు. వాట్సాప్‌లో పంపిన ఫోటోతో కూడా అది కాదు, ఎందుకంటే యాప్ కెమెరా ముందు కనురెప్ప ఆర్పమని అడిగి, ఎదురుగా ఉన్నది సజీవమైన మనిషేనని నిర్ధారించుకుంటుంది. కాబట్టి మీరు కట్టిన 499 రూపాయలకు ఆ సంస్థ చేయగలిగిన పని ఏదీ లేదు, మీ వివరాలు సేకరించుకోవడం తప్ప.

వెబ్‌సైటు చిరునామా చదివే పద్ధతి కూడా తెలుసుకోండి, ఇది మిగతా ప్రభుత్వ సేవలకూ పనికొస్తుంది. గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చే ఫలితాల మీద ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలతో ఉంటే, అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. మొట్టమొదట వచ్చిందన్నంత మాత్రాన అది అధికారికం కాదు. చిరునామాలో మొదటి ఒంటి గీతకు, అంటే ‘/’ గుర్తుకు, ముందున్న భాగం .gov.in తో ముగియాలి. ఆ పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కానీ jeevanpramaan.gov.in.example.com లాంటి చిరునామాలో gov.in మధ్యలో ఉంది, చివర మాత్రం .com ఉంది, అంటే అది వేరొకరి వెబ్‌సైటు. చుక్క బదులు అడ్డగీత పెట్టి ‘gov-in’ అని రాసుకున్న పేర్లూ అంతే. తాళం బొమ్మ కనిపించడం వల్ల వెబ్‌సైటు ప్రభుత్వానిదని రుజువు కాదు. మీరు పంపే సమాచారం దారిలో ఎవరికీ కనపడదని మాత్రమే దాని అర్థం, అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. సులభమైన జాగ్రత్త ఏమిటంటే, అసలు వెతకకుండా చిరునామాను మీరే అక్షరాలా టైపు చేయడం.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఆ వెబ్‌సైటు పంపిన ‘దరఖాస్తు అందింది’ అనే సందేశానికి విలువ లేదు. నిజంగా సర్టిఫికెట్ తయారైతే మీ ఫోనుకు ప్రమాణ్ ఐడీ అనే నంబరుతో సందేశం వస్తుంది. ఆ ఐడీతో పోర్టల్‌లోకి వెళ్ళి పీడీఎఫ్ దించుకోవచ్చు. మీకు ఆ ఐడీ రాలేదంటే సర్టిఫికెట్ కాలేదనే అనుకుని, మళ్ళీ మొదటి నుంచి చేయండి.

దానికి ప్లే స్టోర్‌లో రెండు యాప్‌లు కావాలి. ఒకటి ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వారి AadhaarFaceRD, రెండోది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ పేరుతో ఉండే Jeevan Pramaan. మొదటిది దించుకున్నా తెరమీద దాని బొమ్మ కనపడదు, అది వెనక నుంచే పనిచేస్తుంది కనుక కంగారుపడి మళ్ళీ మళ్ళీ దించుకోనక్కర్లేదు. రెండో యాప్ మొదట ‘ఆపరేటర్’ వివరాలు అడుగుతుంది, అంటే ఫోను పట్టుకుని ఈ పని చేస్తున్న మనిషివి. అది మీరే కావచ్చు, మీ అబ్బాయో అమ్మాయో కావచ్చు. ఆపరేటర్ ఆధార్, ఫోను, ఈమెయిల్ ఇచ్చి ముఖం చూపిన తర్వాతే పెన్షనరు వివరాల దగ్గరకు వస్తుంది. అక్కడ పెన్షను రకం, మంజూరు చేసిన శాఖ, చెల్లించే బ్యాంకు, పీపీఓ అనే పెన్షను చెల్లింపు ఉత్తర్వు నంబరు, ఖాతా నంబరు, మళ్ళీ ఉద్యోగంలో చేరారా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అన్న ప్రశ్నలు ఉంటాయి. ఆ తర్వాత మీ ముఖం.

పొరపాటు ఎక్కువగా జరిగేది పీపీఓ నంబరు, చెల్లించే బ్యాంకు అనే రెండు చోట్ల. యాప్ వాటిని అప్పటికప్పుడు బ్యాంకు రికార్డులతో సరిచూడకపోవచ్చు. సర్టిఫికెట్ తయారై, ప్రమాణ్ ఐడీ వచ్చి, తీరా బ్యాంకు దగ్గర తిరస్కరణకు గురయ్యే కేసులు ఉన్నాయి. కనుక బ్యాంకు పాసుపుస్తకంలోనూ పీపీఓ కాగితంలోనూ ఉన్న అంకెలను ఎదురుగా పెట్టుకుని నింపండి. పనైన కొద్ది రోజులకు బ్యాంకు శాఖకు ఫోన్ చేసి, లైఫ్ సర్టిఫికెట్ నమోదైందా అని ఒక మాట అడగండి. మీరు ఎప్పుడైనా ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేయించి ఉంటే, ముందుగా తాళం తీయకపోతే ముఖం ఎన్నిసార్లు చూపినా సరిపోలదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఫోనుతో కుదరకపోతే నేరుగా బ్యాంకు శాఖకు వెళ్ళి కాగితం మీద సంతకం చేసి ఇవ్వవచ్చు. లేదా పోస్టుమ్యాన్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఈ సేవకు పన్నుతో కలిపి 70 రూపాయలు తీసుకుంటుంది. ఈ డబ్బు తీసుకోవడం చట్టబద్ధమే. అసలు విషయం డబ్బు తీసుకున్నారా లేదా అన్నది కాదు, ఎవరు ఏ అధికారంతో తీసుకున్నారన్నది.

చట్టం విషయానికి వస్తే, ఒక ప్రైవేటు వ్యక్తి మీకు ఫారం నింపడంలో సాయం చేసి, తాను ప్రైవేటు వాడినని స్పష్టంగా చెప్పి రుసుము తీసుకుంటే, అది నేరం అనలేం. తాను ప్రభుత్వమని మీరు నమ్మేలా వెబ్‌సైటు తీర్చి, ఆ నమ్మకం మీద డబ్బో వివరాలో రాబట్టినప్పుడు అది నేరం అవుతుంది. కంప్యూటర్ సాధనంతో మారువేషం వేసి మోసగించినందుకు సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మోసానికి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను ఉంది. ఆధార్ వివరాలు సేకరించే అధికారం లేకుండానే ఉన్నట్టు నటించడం ఆధార్ చట్టంలోని 36వ సెక్షను కింద విడిగా శిక్షార్హమైన నేరం. వెబ్‌సైటు మీద మూడు సింహాల చిహ్నం పెట్టుకుని ఉంటే, రాజ చిహ్నం దుర్వినియోగ నిషేధ చట్టం, 2005 కూడా వర్తిస్తుంది. అందువల్ల ఆ పేజీ ఇంకా తెరుచుకుంటుంటే, చిరునామా పట్టీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సాధారణంగా ఇలాంటి పేజీలు కొద్ది రోజుల్లో మాయమవుతాయి, అప్పుడు ఈ కేసుకు ఆధారం మీ దగ్గరున్న ఆ బొమ్మే. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపుకు ఉండే యూటీఆర్ అనే గుర్తింపు నంబరు, ఫోన్ చేసిన నంబరు, వచ్చిన సందేశాలు కూడా భద్రపరచి, వీటన్నిటితో cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడ ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి.

499 రూపాయలు తిరిగి వస్తాయా అంటే, హామీ ఇవ్వలేను. మీకు తెలియకుండా ఖాతా నుంచి పోయిన డబ్బుకు బ్యాంకు బాధ్యత ఉంటుంది గానీ, మీరే మీ చేత్తో పంపిన చెల్లింపుకు ఆ నిబంధన అంత సులభంగా వర్తించదు. ఓటీపీ చెప్పిన తర్వాత పోయిన డబ్బు విషయంలో కూడా, రిజర్వ్ బ్యాంకు 2017 నాటి నిబంధనల ప్రకారం, మీరు బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం మీదే, తెలిపిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుది. బ్యాంకుకు తొందరగా చెప్పమని నేను పట్టుబట్టేది అందుకే. మొదట ఆ వెబ్‌సైటువారికి లిఖితపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి, బదులు రాకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తప్పుడు ప్రకటనతో డబ్బు తీసుకుని సేవ చేయకపోవడం వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుంది. రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి, ఐదు లక్షల లోపు మొత్తానికి రుసుము లేదు. అయితే ఆ సంస్థకు సరైన చిరునామా దొరికితేనే ఆ దారి పనికొస్తుంది.

మీ ఆధార్ ఎవరైనా వాడారేమో చూడాలంటే myaadhaar.uidai.gov.in లోకి వెళ్ళి, ధృవీకరణల చరిత్ర తెరవండి. గత ఆరు నెలల్లో ఎప్పుడు, ఏ పద్ధతిలో వాడారో కనిపిస్తుంది. మీరు చేయని పని ఏదైనా కనిపిస్తే, 1947కు, అంటే ఆధార్ హెల్ప్‌లైన్‌కు చెప్పి, బయోమెట్రిక్‌కు తాళం వేసుకోండి.

పెన్షను విషయంలో ఆందోళన వద్దు. కేంద్ర పెన్షనర్లు నవంబరు నెలలో, 80 ఏళ్ళు నిండినవారైతే అక్టోబరు ఒకటి నుంచే, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే డిసెంబరు నుంచి పెన్షను నిలుపుతారు, కానీ హక్కు పోదు. సర్టిఫికెట్ అందాక నిలిచిన నెలల బకాయితో కలిపి తిరిగి వేస్తారు. ‘ఈ రోజే కట్టకపోతే పెన్షను రద్దు’ అని చెప్పేవారు చట్టంలో లేని గడువుతో మిమ్మల్ని బెదిరిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల నుంచి పెన్షను పొందేవారి నెలలు వేరు, కనుక ఆ పాఠకులు తమ ట్రెజరీ చెప్పిన తేదీని పాటించాలి. మీకైతే ఈ నవంబరు 30 లోపు బ్యాంకు శాఖలో పని పూర్తయ్యే వీలుంది. పీపీఓ కాగితం, ఆధార్, పాసుపుస్తకం వెంట తీసుకెళ్ళి, అక్కడే సర్టిఫికెట్ ఇచ్చి, నమోదైనట్టు రసీదు అడిగి తీసుకోండి.