16 రోజులకు అయోడిన్-131 మొత్తం అయిపోతుందా?

చెన్నైలో టెన్త్ చదువుతున్నాను. అయోడిన్-131 హాఫ్ లైఫ్ 8 రోజులట. అంటే 16 రోజులకు మొత్తం అయిపోవాలి కదా?

అయిపోదు, 16 రోజుల తర్వాత కూడా నాలుగో వంతు మిగిలే ఉంటుంది. ప్రతి 8 రోజులకూ తగ్గేది మొదట ఉన్నదాంట్లో సగం కాదు, అప్పటికి మిగిలినదాంట్లో సగం.

100 రూపాయి బిళ్ళలు ఎగరేసి, బొరుసు పడినవి పక్కన పెట్టెయ్. సుమారు 50 మిగులుతాయి. వాటినే మళ్ళీ ఎగరేస్తే 25, ఇంకోసారికి 12 లేదా 13. ఒక్కో విసురు ఒక్కో 8 రోజులన్నమాట. నీకు 50కి బదులు 46 రావచ్చు, 53 రావచ్చు. అసలు పదార్థంలో పరమాణువులు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి ఆ తేడా కనిపించదు. పక్కన పెట్టిన బిళ్ళ మాయమైనట్టు కూడా కాదు, ఆ పరమాణువు జెనాన్‌గా మారింది, అంతే.

చాలామంది పొరబడేది ఇంకోచోట. పరమాణువుకు వయసు పైబడేకొద్దీ విచ్ఛిన్నమయ్యే అవకాశం పెరుగుతుందనుకుంటారు. వరుసగా మూడుసార్లు బొమ్మే పడిన బిళ్ళకు నాలుగోసారి బొరుసు పడే అవకాశం అప్పుడూ సగమే. 24 రోజులు నిలిచిన అయోడిన్ పరమాణువుదీ అదే పరిస్థితి: వచ్చే 8 రోజుల్లో అది మారడానికీ మారకపోవడానికీ సమాన అవకాశం.