ఫోమ్ డిస్పెన్సర్‌లో మామూలు హ్యాండ్‌వాష్ పోయొచ్చా?

"ఫోమ్ రిఫిల్ కొనడం కంటే మామూలు లిక్విడ్‌లో నీళ్లు కలిపి పోస్తే మిగులుతుందా? నేను పోస్తే పంపు రెండు రోజులకే బిగుసుకుపోయింది. యాంటీబ్యాక్టీరియల్ కొనాలా?"

మిగులుతుందండి, కాకపోతే మీరు కలిపింది చిక్కగా ఉన్నట్టుంది. ఫోమ్ పంపు లోపల సన్నని జాలీ ఉంటుంది. గాలి, సబ్బునీళ్లు కలిసి అందులోంచి వస్తేనే నురగ. చిక్కటి ద్రవం ఆ జాలీలో ఎండి అడ్డుపడుతుంది. ముందు పంపును గోరువెచ్చని నీళ్లలో ముంచి, నురగ ఆగి నీళ్లే వచ్చేదాకా నొక్కండి.

250 మి.లీ. సీసాలో 160 మి.లీ. నీళ్లు పోసి, పైన 40 మి.లీ. లిక్విడ్ వేసి మెల్లగా వంచి కలపండి. కుదిపితే లోపలే నురగ కడుతుంది. నురగ పలచగా, నీళ్లలా జారిపోతే ఇంకాస్త లిక్విడ్ కలపండి. సారికి 40 మి.లీ. చొప్పున 200 మి.లీ. లిక్విడ్ ఐదుసార్లు వస్తుంది. కొన్న ఫోమ్ రిఫిల్ ముందే పలచగా ఉంటుంది, దానికి నీళ్లు కలపకండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. నీళ్లు కలిపితే సబ్బులోని ప్రిజర్వేటివ్ కూడా పలచబడి, సూక్ష్మజీవులు పెరగొచ్చు. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు వాడి, కొద్దికొద్దిగా కలుపుకోండి. మిగిలినదాని మీద కొత్తది పోయకుండా, సీసా కడిగి ఆరబెట్టి నింపండి. వాసన మారినా, జిగురు తేలినా పారబోయండి.

యాంటీబ్యాక్టీరియల్‌కు ఇంట్లో అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. మామూలు సబ్బు కంటే మేలని తయారీదారులు చూపలేకపోవడంతో 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలున్న చేతిసబ్బుల అమ్మకాన్ని ఆపేసింది. మురికినీ క్రిములనూ వదిలించేది సబ్బు, 20 సెకన్ల రుద్దుడు, పారే నీళ్లు.