వెనక సీను అతికించారని పట్టేసింది సరే, ఇది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి పన్నెండో తరగతి. ఏ ఫోటో చూసినా "ఇది ఫేక్" అంటుంది. మొన్న మా వారి స్నేహితుడు సరస్సు ఒడ్డున దిగిన ఫోటో గ్రూపులో పెడితే, వెనక సీను అతికించిందని నాలుగు కారణాలు రాసి అందరి ముందూ పెట్టింది. ఆయన నొచ్చుకున్నారు, మేం దానిచేత సారీ చెప్పించాం. ఇప్పుడేమో ఆరు నెలల డిజిటల్ ఫోరెన్సిక్స్ సర్టిఫికెట్ కోర్సులో చేరతానంటోంది. డిగ్రీ మంచిదా, ఆ కోర్సా? ఫోటో, అది రాసిన కాగితం పంపిస్తున్నాను.

జవాబు: చూడండమ్మా, డిగ్రీయా కోర్సా అన్నది పైకి అడిగిన మాట. పిల్ల ఇలా అందరిమీదా అనుమానపడుతూ నలుగురికీ దూరమైపోతుందేమోనని మీ అసలు టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి, అందుకని ముందు దాని సంగతే చెప్తాను. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను కొన్నేళ్లు ఒక పత్రిక ఫోటో విభాగంలో ఉన్నాను, వచ్చిన ఫోటో నిజమైనదా కాదా చూడటం మా రోజువారీ పని. మీ ఫోటో కూడా కూర్చుని చూశాను. మీ అమ్మాయి చెప్పింది నిజం, వెనక సీను అతికించిందే. కాకపోతే అది రాసిన నాలుగు కారణాల్లో ఒక్కటి కూడా రాసిన రూపంలో నిలబడదు. ఈ రెండూ మీ ఇద్దరూ వినాల్సిన మాటలే.

ఇంకోటి, మీరు మెసేజ్ యాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ నాకు దాదాపు పనికిరాలేదు. యాప్ దాన్ని చిన్నది చేసి, మళ్లీ కుదించి, లోపలి సమాచారం తీసేసి పంపింది. ఒరిజినల్ ఫైలు కావాలని అడిగితే అది మీ అమ్మాయి దగ్గరే ఉంది, ఆయన దగ్గర మెయిల్‌లో ముందే తెప్పించుకుందట. పెద్దవాళ్లు ముగ్గురు కలిసి సారీ చెప్పించేటప్పుడు, అసలు ఫైలు చూసి మాట్లాడింది ఆ ఒక్కతే.

ఇక మొదటి కారణం నీడలు. ఫోటోలో సరస్సు పక్కన రెండు స్తంభాలున్నాయి. ఎడమ స్తంభం నీడ ఎడమకి, కుడి స్తంభం నీడ కుడికి పడుతోంది కాబట్టి ఫేక్ అని రాసింది. ఇది తప్పు, చాలామంది చేసే తప్పే. సూర్యుడు కెమెరాకి ఎదురుగా ఉంటే నీడలన్నీ మనవైపు విసనకర్రలా విచ్చుకుంటాయి, నేలమీద నిజంగా సమాంతరంగా ఉన్నవే ఫోటోలో అలా విడిపోతాయి. ఈ విషయంలో కంటిని నమ్మకూడదు, గీత గీసి చూడాలి. పద్ధతి తేలికే. వస్తువు మీద ఒక స్పష్టమైన మొన, నీడలో అదే మొన పడ్డ చోటు, ఈ రెండూ కలిపి గీతని పైకి పొడిగించండి. ఒకే సూర్యుడి కింద తీసిన ఫోటో అయితే ఇలాంటి గీతలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి, ఆ బిందువు ఫోటో బయట ఉన్నా సరే. కెమెరా వెనక సూర్యుడుంటే ఆ కలిసే చోటు కిందికి పోతుంది, ఒక్కోసారి గీతలు సమాంతరంగానే ఉండిపోతాయి, అది వేరే లెక్క. 2013లో కీ, ఓబ్రియన్, ఫరీద్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే సూత్రం మీద పేపర్ రాశారు. అందులో వాళ్లు ఇంకో మంచి పని చేశారు: నీడ అంచు మసకగా ఉంటే ఒకే గీత గీయకుండా, ఆ మొన ఎక్కడెక్కడ ఉండొచ్చో అంత వెడల్పూ పట్టేలా రెండు గీతల మధ్య సందు తీసుకోవాలి.

మీ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు. రెండు స్తంభాల గీతలు ఫోటో పై అంచుకి సుమారు 900 పిక్సెళ్ల పైన, దాదాపు నడిమధ్యలో చక్కగా కలిశాయి. అంటే మీ అమ్మాయి అనుమానించిన ఆ రెండు నీడలూ ఒకదానికొకటి అడ్డు రావడం లేదు! ఇప్పుడు మనిషి దగ్గరికి రండి. భుజాన వేలాడుతున్న సంచి కింది మూల, నేలమీద దాని నీడ మూల, రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గీత అదే ఎత్తులో కుడివైపుకి దాదాపు వెయ్యి పిక్సెళ్లు తప్పి పోయింది. మోచేతి గీత కూడా అటే వెళ్లింది. నీడ మసకకి 150 పిక్సెళ్లు అటూ ఇటూ వదిలేసినా సందు స్తంభాల బిందువుని తాకదు. మనిషికీ, ఆయన నిలబడ్డ గచ్చుకీ ఒక సూర్యుడు, వెనక సరస్సుకి ఇంకో సూర్యుడు. ఈ ఫోటోలో బలమైన సాక్ష్యం ఇదే, దీన్ని అది గీసే చూడలేదు.

రెండో కారణం, వెనక భాగం నున్నగా ఉంది, మనిషి మీద మాత్రం నాయిస్ ఉంది, అంటే చీకట్లో తీసిన ఫోటోలో కనిపించే ఆ ఇసక రేణువుల్లాంటి మచ్చలు. ఇది విని నేనైతే వెంటనే ఒప్పుకోను. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ వేస్తే లెక్కకట్టి పులిమే మసకలో నాయిస్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది, ఎవరూ ఏమీ అతికించకపోయినా. అసలు లెన్స్ వల్ల వచ్చే మసకలో అలా జరగదు, ఎందుకంటే నాయిస్ పుట్టేది లెన్స్ తర్వాత, సెన్సర్‌లో. పైగా నాయిస్ వెలుతురుని బట్టి మారుతుంది, నల్ల ప్యాంటుని తెల్ల ఆకాశంతో పోల్చి తేడా ఉందంటే అర్థం లేదు. పోల్చాల్సింది ఫోకస్‌లో ఉన్న, డిజైన్ లేని, ఒకే వెలుతురున్న రెండు ముక్కల్ని. నేను సంచి మీద నున్నటి బూడిద రంగు మూతనీ, వెనక ఉన్న బోర్డు ఖాళీ భాగాన్నీ తీసుకున్నాను, రెండూ 0 నుంచి 255 స్కేల్లో 140 దగ్గరే ఉన్నాయి. సంచి మీద పిక్సెళ్ల హెచ్చుతగ్గులు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 4.6 వచ్చింది, బోర్డు మీద 1.7. బోర్డు మీద అక్షరాలు కత్తిరించినట్టు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అది మసక వల్ల పోయిన నాయిస్ కాదు. పెద్ద ఫోటోని చిన్నది చేసి పెట్టారనుకుంటే సరిపోతుంది: సగానికి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్ల సగటు ఒకటవుతుంది, నాయిస్ సుమారు సగమవుతుంది, ఇంకా తగ్గిస్తే ఇంకా పడిపోతుంది. అయితే ఇది నీడల మాటని బలపరుస్తుందే గానీ ఒంటరిగా నిలబడదు, ఈ రోజుల్లో ఫోన్లు ముఖానికొక రకంగా, ఆకాశానికొక రకంగా నాయిస్ తీసేస్తున్నాయి.

మూడోది, తల చుట్టూ తెల్ల గీత. ఇది చదివి నవ్వొచ్చింది, నేనూ మొదటి ఏడాది ఇదే చెప్పి మా సీనియర్ చేత తిట్లు తిన్నాను. ఆ గీత వెనక స్తంభం చుట్టూ కూడా ఉంది, రెండు పిక్సెళ్ల మందాన. ఫోన్ గానీ ఎడిటింగ్ గానీ షార్ప్ చేసినప్పుడు ప్రతి గట్టి అంచుకీ లేతవైపు తెల్లగా, ముదురువైపు నల్లగా ఇలాంటి గీత వస్తుంది, అది అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. చూడాల్సింది అక్కడ కాదు. కుడి చెయ్యికీ నడుముకీ మధ్య చిన్న సందు ఉంది కదా, దాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూడండి. చొక్కా అంచున లోపలివైపు మాత్రమే పసుపుపచ్చ ఛాయ సన్నగా కనిపిస్తుంది. వెనక నీలం నీళ్లు, పసుపు ఎక్కడా లేదు. ఆయన మొదట ఏదో పసుపు గోడ ముందు నిలబడి ఉంటారు, అంచు పిక్సెల్‌లో చొక్కా రంగూ గోడ రంగూ కలిసిపోయి ఉంటాయి, కత్తిరించేవాళ్లు తల దగ్గర శ్రద్ధగా చేసి ఈ సందు మర్చిపోయారు. చెవి వెనక జుట్టులోనూ కాస్త అదే రంగు ఉంది.

నాలుగోది మెటాడేటా, అంటే ఫోటోతో పాటు ఫైలు లోపల ఉండే సమాచారం. దీనిమీద మీ అమ్మాయికి గర్వం ఎక్కువ. దాన్ని చదివే exiftool అనే టూల్‌తో ఈ కమాండ్ నడిపింది:

```
exiftool -a -G1 -s photo.jpg
```

`Software` అన్న చోట ఫోన్ పేరు బదులు ఎడిటింగ్ ప్రోగ్రాం పేరుంది, కాబట్టి ఫేక్ అని తేల్చేసింది. ఆ లైను చెప్పేది ఫైలు ఆ ప్రోగ్రాంలో సేవ్ అయిందని మాత్రమే. వెలుతురు పెంచినా, అంచు కత్తిరించినా అదే వస్తుంది. అదే జాబితాలో కాస్త కిందికి `DocumentAncestors` అని ఇంకో లైనుంది, దాన్ని దాటేసింది. ఫోటోషాప్‌లో వేరే ఫైలు నుంచి ఏదైనా తెచ్చి అతికిస్తే, ఆ ఫైలుకి ఐడీ ఉంటే అది అక్కడ చేరుతుంది. ఇక్కడ ఒక ఐడీ ఉంది. అతికించింది సరస్సా, మూలన పెట్టిన చిన్న లోగోనా అన్నది మాత్రం అది చెప్పదు. పైగా ఇవన్నీ అదే టూల్‌తో ఎవరైనా మార్చేయొచ్చు, మెసేజ్ యాప్ దాటిన ఫోటోలో మామూలుగా ఇవేమీ మిగలవు, లేకపోవడం నేరమూ కాదు. అందుకే నేను మెటాడేటాని చివర చూస్తాను, పిక్సెళ్లు చెప్పినదానికి అది అడ్డొస్తోందా లేదా అని.

ఇప్పుడు ఆ ఆరు నెలల కోర్సు. ఆ సిలబస్ చూశాను, నాకు నచ్చలేదు. ఇలాంటివి చాలావరకు బటన్ నొక్కితే రంగు బొమ్మ వచ్చే టూల్స్ చుట్టూ తిరుగుతాయి, ముఖ్యంగా ఎర్రర్ లెవెల్ అనాలిసిస్. ఫోటోని మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసి తేడా ఎక్కడ ఎక్కువుందో చూపిస్తుంది అది. చిక్కేమిటంటే గట్టి అంచులూ, అక్షరాలూ, కొట్టొచ్చినట్టుండే రంగులూ ఎవరూ ముట్టుకోని ఫోటోలో కూడా మెరుస్తాయి. మెరిసిన చోటల్లా ఫేక్ అని నేర్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో "ఎందుకు మెరిసింది?" అన్న ప్రశ్నకే ఆగిపోవడం చూశాను. ఇంకో మాట దాచకుండా చెప్పాలి: డిజిటల్ ఫోరెన్సిక్స్ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఫోన్లూ డిస్కులూ లాగ్‌లే, ఫోటో పరీక్ష అందులో చిన్న ముక్క. ఫోటోల కోసమే వెళ్లాలంటే కంప్యూటర్ సైన్స్‌తోనో ఎలక్ట్రానిక్స్‌తోనో డిగ్రీ, అందులో ఇమేజ్ ప్రాసెసింగ్, స్టాటిస్టిక్స్, కాస్త ఆప్టిక్స్ గట్టిగా పట్టుకోవాలి. పైన నేను చెప్పిన గీతల లెక్క జ్యామితి, నాయిస్ లెక్క స్టాటిస్టిక్స్. అవి వస్తే టూల్ వారంలో వస్తుంది.

కోపం తెచ్చుకోకండి గానీ, మీరు చేసింది నాకు బాధేసింది. పిల్ల చెప్పింది తప్పని కాదు, చెప్పిన తీరు బాగాలేదని సారీ చెప్పించి ఉంటే సరిపోయేది. ఇంట్లో ఒక్కరైనా ఆ కాగితం చదివారా? చదివి ఉంటే "ఈ స్తంభాల నీడలు ఎందుకు తప్పు?" అని అడిగేవారు, అది గీతలు గీసేది, తన తప్పు తనే పట్టుకునేది. ఆ వయసులో కమాండ్ నడిపి, ఒరిజినల్ ఫైలు అడిగి తెప్పించుకున్న పిల్ల తగువులమారి కాదమ్మా. దానికి రాని పని ఒక్కటే, "ఫేక్" అనకుండా "మనిషి నీడకీ స్తంభాల నీడకీ వెలుగు ఒకే చోటు నుంచి రావడం లేదు" అని రాయడం. ల్యాబుల్లో రిపోర్టు ఇలాగే రాస్తారు, ఎవరు ఎందుకు చేశారన్న ఊసు ఉండదు. మీ వారి స్నేహితుడు సరదాకి సీను మార్చుకుని ఉండొచ్చు, అది ఆయనిష్టం.

కాగితం తిరిగి పంపిస్తున్నాను, ఎర్ర ఇంకుతో గుర్తులు పెట్టాను. మొదటి కారణం మళ్లీ రాసి పంపమనండి, ఈసారి గీతలతో, మసక నీడకి రెండు గీతల సందుతో. సంచి మూల కాకుండా టోపీ అంచు తీసుకోమనండి, దాని నీడ గచ్చు అంచు దగ్గర విరిగింది, అక్కడ నేల ఎత్తు మారుతోంది. గీత గీసేటప్పుడు అది అడ్డొస్తుందా రాదా అన్నది కూడా ఒక వాక్యంలో రాయమనండి.