ఎక్స్‌ఎల్ ఒక్కటే ఎందుకు తిరిగొస్తోంది

అమ్మాయీ,

నీ కాటన్ కుర్తీ రిటర్న్‌లు ఎక్కువైపోయాయని, ఆ మోడల్ ఆపేద్దామనుకుంటున్నావని మీ నాన్న విజయనగరం వచ్చినప్పుడు చెప్పాడు. నువ్వు పంపిన షీటు రాత్రి కూర్చుని చూశాను. మోడల్ ఆపకు. తప్పు నాకు ఒక్క సైజులోనే కనిపిస్తోంది.

ముందు నీ లెక్కలోంచి రెండు రకాలు తీసేశాను. ఒకటి, డెలివరీ కాకుండా వెనక్కి వచ్చిన పార్సిళ్లు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి ఫోనెత్తని మనిషి ఆ కుర్తీ వేసుకునే చూడలేదు, ఆ పార్సిలు ఫిట్టింగ్ గురించి ఏం చెబుతుంది? రెండోది, రిటర్న్ గడువు ఇంకా ముగియని ఆర్డర్లు. ఈ నెల రిటర్న్‌లని ఈ నెల అమ్మకాలతో భాగిస్తే సంక్రాంతి ముందు రేటు తగ్గినట్టు, పండగ వెళ్లాక పెరిగినట్టు కనిపిస్తుంది. ఏ ఆర్డరు తిరిగొచ్చిందో ఆ ఆర్డరు డెలివరీ అయిన నెలలోనే దాన్ని లెక్కెయ్యాలి.

అలా చూస్తే చేరినవి 400, వెనక్కొచ్చినవి 74. అంటే వందకి పద్దెనిమిదిన్నర. ఈ సగటు చూసే నువ్వు కంగారుపడ్డావు. ఇప్పుడు సైజువారీగా చూడు. ఎస్ 60లో 7, ఎం 110లో 14, ఎల్ 120లో 19. ఎక్స్‌ఎల్ మాత్రం 80లో 28, అంటే వందకి 35. డబుల్ ఎక్స్‌ఎల్ 30లో 6. ఈ ఆరుని చూసి మాత్రం ఏమీ తేల్చకు. ఇద్దరు ఉంచేసుకుని ఉంటే వందకి 20 కాస్తా 13 అయ్యేది.

తర్వాత చూడాల్సింది ఏ వైపు తప్పిందన్నది. ఎల్‌లో 8 మంది బిగుతు అన్నారు, 7 మంది లూజు అన్నారు. రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటే బట్ట సరిగ్గానే ఉంది, కొనేవాళ్లే సైజు ఎంచుకోవడంలో పొరబడుతున్నారు. అక్కడ సైజు చార్ట్ బాగుచేసుకుంటే చాలు. ఎక్స్‌ఎల్‌లో 28 మందిలో 21 మంది బిగుతు అన్నారు, లూజు అన్నవాళ్లు ఇద్దరే. ఇలా ఒకే వైపుకి ఒరిగితే తప్పు కుర్తీలోనే ఉంటుంది.

ఎక్కడ బిగుతో యాప్ అడగదు కాబట్టి కామెంట్లు చదివాను. రాసినవాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ఏడుగురిది చేతుల గొడవే. "చంకల దగ్గర పట్టేసింది", "చెయ్యి పైకెత్తలేకపోతున్నా". చాతీ గురించి ఒక్కరూ అనలేదు.

మీ నాన్నతో పంపిన సంచిలోంచి ఐదు ఎక్స్‌ఎల్, రెండు ఎల్ తీసి మంచం మీద పరిచి టేపు పెట్టాను. ఎక్స్‌ఎల్ చాతీ అడ్డంగా 22 అంగుళాలు, అంటే చుట్టూ 44. చార్ట్‌లో ఉన్నదే. ఇక్కడితో ఆగిపోతే "కొలత కరెక్టే, కస్టమర్లే అలా" అనుకుంటాం. ఎన్నో ఏళ్ల కిందట నేను అలాగే అనుకుని మంచి మోడల్ ఒకటి వదిలేసుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చంక కింద అంగుళం దిగి చేతి లూజు కొలిచాను. ఎల్‌కి 15, ఎక్స్‌ఎల్‌కి కూడా 15. చంక రౌండూ రెండింటికీ ఒకటే. మెడ మాత్రం ఎక్స్‌ఎల్‌కి అంగుళం వెడల్పు ఎక్కువ.

మెడ చూశాక విషయం తేలిపోయింది. కటింగ్ మాస్టారు ఎల్ ప్యాటర్న్‌నే బట్ట మడతకి అర అంగుళం ఎడంగా పెట్టి గీశారు. అలా గీస్తే ముందు ముక్కకో అంగుళం, వెనక ముక్కకో అంగుళం కలిసి చాతీ రెండంగుళాలు పెరుగుతుంది, దాంతోపాటు మెడా వెడల్పవుతుంది. చంక, చెయ్యి మాత్రం పెరగవు. ఆయన్ని ఏమీ అనకు తల్లీ, ఎక్స్‌ఎల్‌కి నువ్విచ్చింది చాతీ కొలత ఒక్కటే.

ఈసారి ఎక్స్‌ఎల్‌కి విడిగా ప్యాటర్న్ గీయించు. చేతి లూజు 16 పెట్టించు, దానికి తగ్గట్టు చంక రౌండూ పెంచమను, మెడ ఎల్‌లాగే ఉంచమను. డబుల్ ఎక్స్‌ఎల్ మీద కూడా టేపు పెట్టు. ఆరు రిటర్న్‌లు చెప్పలేనిది టేపు చెబుతుంది. చార్ట్‌లో చేతి లూజు కూడా రాయి.

కొత్త లాట్‌కి కోడ్ మార్చు, లేకపోతే పాత ముక్కల రిటర్న్‌లు ఇందులో కలిసిపోతాయి. కొత్తవి 40 చేరి గడువు ముగిశాక చూడు. పాత లెక్కన 14 రావాలి. ఆరేడుకి దిగితే మనం పట్టుకున్నది సరైనదే. పన్నెండో పదమూడో వస్తే మళ్లీ కామెంట్ల దగ్గర నుంచి మొదలుపెడదాం.

మిగిలిన స్టాకు అమ్మకానికి పెట్టకు. చేతి కుట్టుకి ఇరుపక్కలా పావు అంగుళం వదలగలిగితే అర అంగుళం లూజు వస్తుంది, సైడు కుట్టు కూడా చంక దగ్గర అంతే విప్పాలి. పాత సూది రంధ్రాలు కనిపిస్తే తడిపి ఇస్త్రీ చెయ్యాలి. లోపల మార్జిన్ ఎంత వదిలారో విప్పితేగానీ తెలియదు. ఆ ఐదు ముక్కలూ నా దగ్గరే ఉంచాను, ఆదివారం శ్రీకాకుళం నుంచి పొద్దున్న బస్సుకే వచ్చెయ్యి.

మీ పెద్దమ్మ