పదిహేను రోజుల పాల బిల్లు, పద్నాలుగు రోజుల కంతు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పిల్లల చదువుల కోసం ఒంగోలులో ఇల్లు కొని, బ్యాంకులో 30 లక్షలు లోను తీసుకున్నాం. 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీ, 20 ఏళ్లు, నెలకు 26,035 రూపాయల కంతు. వచ్చే నెల 5న మొదటిది కట్టాలి. మా ఆయన జీతం ఇంటి ఖర్చులకు సరిపోతుంది. కంతు మాత్రం పాల డబ్బులతో కట్టాలనుకుంటున్నాం. ఏడు గేదెలున్నాయి, పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. బిల్లు వచ్చినప్పుడల్లా సగం కంతు కట్టేస్తే నాలుగేళ్ల ముందే అప్పు తీరిపోతుందని, ఏడు లక్షల దాకా వడ్డీ మిగులుతుందని మా బావగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ బావగారి లెక్క దాదాపు సరైనదే. కాకపోతే అది పద్నాలుగు రోజులకోసారి కట్టేవాళ్ల లెక్క. మీ పాల బిల్లు పదిహేను రోజులది. ఆయన చెప్పిన ఏడు లక్షలూ ఆ ఒక్క రోజు తేడాలోనే ఉన్నాయి.

ఈ పద్ధతి అమెరికా, కెనడా లాంటి చోట్ల పుట్టింది. అక్కడ చాలామందికి జీతం రెండు వారాలకోసారి వస్తుంది. ఏడాదికి 52 వారాలు కాబట్టి 26 జీతాలు. జీతం పడ్డప్పుడల్లా సగం కంతు కడితే ఏడాదికి 26 సగాలు, అంటే 13 పూర్తి కంతులు. నెలనెలా కట్టేవాళ్లు 12 కడితే వీళ్లు తెలియకుండానే పదమూడోది కూడా కట్టేస్తారు. మన దగ్గరేమో పాల బిల్లు 1 నుంచి 15 దాకా ఒకటి, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకొకటి. ఏడాదికి 24 బిల్లులే. ఒక్కో బిల్లులోంచి సగం కంతు కడితే ఏడాది తిరిగేసరికి సరిగ్గా 12 కంతులవుతాయి. పదమూడోది ఎక్కడా పుట్టదు.

మీ అప్పుకే లెక్క వేద్దాం. నెలకోసారి కడుతూ పోతే 20 ఏళ్లలో మీరు కట్టే వడ్డీ సుమారు 32.48 లక్షలు. పద్నాలుగు రోజులకోసారి 13,017 రూపాయలు కడితే అప్పు 16 ఏళ్ల 5 నెలల్లో తీరుతుంది. వడ్డీ 25.66 లక్షలే అవుతుంది. మిగిలేది 6.82 లక్షలు. బావగారు చెప్పింది ఇదే. ఈ 6.82 లక్షలు ఊరికే రావు. ఆ 16 ఏళ్లలో మీరు 17 కంతులు అదనంగా కట్టి ఉంటారు. దానికి బదులు చివర్లో 43 కంతులు తప్పుతాయి. తేడా 26 కంతులు, అదే మీ లాభం.

ఇక మీరనుకున్నట్టు నెలకు రెండుసార్లు, పాల బిల్లు వచ్చినప్పుడు సగం సగం కడితే ఏమవుతుంది? అప్పుడు కలిసొచ్చేది ఒక్కటే: మొదటి సగం పదిహేను రోజులు ముందుగా బ్యాంకుకు చేరడం. 13,017 రూపాయల మీద 8.5 శాతం చొప్పున పదిహేను రోజుల వడ్డీ 45 రూపాయలు. నెలకు మీకు మిగిలేది అంతే. అది చక్రవడ్డీతో పెరిగి 20 ఏళ్లకు 28 వేలు దాటుతుంది. అప్పు ఒక నెల ముందు తీరుతుంది. ఏడు లక్షలు ఆశించి మొదలుపెట్టినవాళ్లకు చివరికి చేతికొచ్చేది 28 వేలన్నమాట.

అయితే దీనికోసం రెండు వారాలకోసారి డబ్బిచ్చే డెయిరీని వెతుక్కోనక్కర్లేదు. పని చేసేది పదమూడో కంతు గనుక దాన్నే నేరుగా కట్టండి. 26,035ను 24 బిల్లులకు పంచితే బిల్లుకు 1,085 రూపాయలు. అంటే ఒక్కో పాల బిల్లులోంచి 13,017కు బదులు సుమారు 14,100 పక్కన పెట్టండి. ఆ లెక్కన నెలకు 2,170 రూపాయలు కంతుతో పాటే అసలుకు జమ చేస్తే 16 ఏళ్ల ఆరున్నర నెలల్లో అప్పు తీరుతుంది, 6.54 లక్షలు మిగులుతాయి. పద్నాలుగు రోజుల పద్ధతికీ దీనికీ తేడా 28 వేలే. అది ముందు చెప్పిన 45 రూపాయల సంగతే.

నెలనెలా అంటే మీకు ఇబ్బంది కావచ్చు. ఎండాకాలంలో పాలు తగ్గుతాయి, రెండు గేదెలు ఒకేసారి వట్టిపోతే బిల్లు బాగా తగ్గిపోతుంది. అలాంటప్పుడు పదమూడో కంతును పాలు బాగా ఉన్న చలికాలంలో కూడబెట్టి ఏడాదికోసారి ఒకేమొత్తంగా కట్టండి. ఏటా సంవత్సరం చివర కట్టినా 6.17 లక్షలు మిగులుతాయి, అప్పు 16 ఏళ్ల 8 నెలలకు తీరుతుంది. నెలనెలా కట్టేదానికన్నా 37 వేలు తక్కువే, కానీ ఏప్రిల్, మే నెలల్లో ఊపిరాడుతుంది. నేనైతే మీకు ఇదే చెబుతాను. ఆ అదనం కట్టేముందు కూడా రెండు కంతుల డబ్బు పొదుపు ఖాతాలో కదపకుండా ఉండాలి. గేదెలు కొన్నప్పుడు ఎక్కడైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే ముందు అది తీర్చండి. ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతూ, 8.5 శాతం అప్పును ముందుగా తీర్చడం గుడ్డిలెక్క.

ఇప్పుడు సగం కంతుతో వచ్చే అసలు చిక్కు చెప్తాను. కిందటేడు కావలి నుంచి ఒక టీచరు నా దగ్గరికొచ్చారు. ఎక్కడో విని, నెల మధ్యలో సగం కంతు లోను ఖాతాలో వేశారు. 5వ తేదీకి మిగతా సగం పొదుపు ఖాతాలో ఉంచారు. బ్యాంకు ఆ మొదటి సగాన్ని అసలులో తగ్గించింది. అంతవరకూ మంచిదే. కానీ 5న రావలసిన కంతు మాత్రం తగ్గలేదు. ఆటో డెబిట్ పూర్తి కంతుకే వచ్చింది, ఖాతాలో సగమే ఉంది, బౌన్స్ అయింది. పొదుపు ఖాతా ఉన్న బ్యాంకు ఒక చార్జీ, లోను ఇచ్చినవాళ్లు ఇంకో చార్జీ, ఆపైన ఆలస్యానికి పెనాల్టీ. రెండు నెలలు అలాగే జరిగాక గానీ ఆయనకు అర్థం కాలేదు. 45 రూపాయలు మిగుల్చుకోబోయి ఒక్కో నెలా వెయ్యికి పైగా పోగొట్టుకున్నారు, సిబిల్ రిపోర్టులో మచ్చ పడింది.

తప్పు ఆయనొక్కరిదే అనలేం. లోను ఒప్పందంలో కంతు నెలకోసారి అని ఉంటే, మధ్యలో మీరు వేసే డబ్బు కంతు కింద లెక్కకు రాకపోవచ్చు. కొన్ని చోట్ల అది అసలులో తగ్గుతుంది. ఇంకొన్ని చోట్ల అసలుకూ జమ కాకుండా, కంతుకూ ఉపయోగపడకుండా అదనపు జమగా పక్కన పడి ఉంటుంది. అందుకని మీ ఆటో డెబిట్‌ను కదిలించొద్దు. పాల బిల్లులు రెండూ పొదుపు ఖాతాలోనే వేసుకోండి, 5న పూర్తి కంతు దానంతట అది పోనివ్వండి. లోను ఖాతాలోకి విడిగా వెళ్లేది ఆ అదనం ఒక్కటే.

అదనం కట్టేటప్పుడు బ్రాంచిలో ఒక చిన్న కాగితం ఇవ్వండి. ‘ఈ మొత్తాన్ని అసలుకు పార్ట్ పేమెంట్‌గా జమ చేసి, కంతు మార్చకుండా కాలవ్యవధి తగ్గించండి’ అని రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఈ మాట చెప్పకపోతే కొందరు కాలవ్యవధిని అలాగే ఉంచి కంతు తగ్గిస్తారు. నెలకు రెండు వందలో మూడు వందలో తగ్గడం చూసి మీరూ సంతోషిస్తారు గానీ, మూడేళ్ల మిగులులో చాలా భాగం పోతుంది. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణం తీసుకున్న వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపుకు చార్జీ తీసుకోవద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. మీది ఫ్లోటింగే కాబట్టి చార్జీ అడిగితే కట్టనక్కర్లేదు.

మీ బ్యాంకు వడ్డీ ఏ రోజుకారోజు మిగిలిన అప్పు మీద వేస్తుందా, నెలకోసారి లెక్క కడుతుందా అనేది కూడా తెలుసుకోండి. నెలవారీ లెక్క అయితే మధ్యలో కట్టిన సగానికి ఆ 45 రూపాయలు కూడా రావు. అదనం కూడా కంతు తేదీకి ఒకటి రెండు రోజుల ముందు కడితే చాలు, ఇంకా ముందు కట్టినా లాభం లేదు. రోజువారీ అయితే డబ్బు చేతికొచ్చిన రోజే కట్టడం మేలు.

దీన్ని కౌంటర్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. లోను స్టేట్‌మెంట్ తీసుకుని ఫిబ్రవరి వడ్డీని, మార్చి వడ్డీని పక్కపక్కన పెట్టి చూడండి. 30 లక్షల అప్పు మీద రోజువారీ లెక్కయితే 28 రోజుల ఫిబ్రవరికి సుమారు 19,560, 31 రోజుల మార్చికి సుమారు 21,660 పడుతుంది, రెండు వేలకు పైగా తేడా కనిపిస్తుంది. రెండు నెలలకూ ఇరవై ఒక్క వేల చిల్లర పడి, ముప్పై నలభై రూపాయల తేడానే ఉంటే అది నెలవారీ లెక్క.