పల్లవి తిరిగొచ్చేసరికి కథ కదిలి ఉండాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ పాటల నాటకంలోంచి నువ్వు పంపిన, ఇల్లు అమ్మే దృశ్యం రెండుసార్లు చదివాను. అక్క కాగితం తెస్తుంది, తమ్ముడు సంతకం పెట్టనంటాడు, మాట పెరుగుతుంది. అక్కడ ఇద్దరూ కలిసి ఈ ఇంట్లో గడిచిన చిన్నతనం గురించి ఓ పాట పాడతారు. పాట అయ్యాక అక్క "అయితే పెట్టవా?" అంటుంది, తమ్ముడు "పెట్టను" అంటాడు. పాటలో మాటలు బాగున్నాయి. కానీ పాట మీద చెయ్యి పెట్టి, దానికి ముందున్న ఆఖరి డైలాగునీ తర్వాతి మొదటి డైలాగునీ కలిపి చదువు. అతుకు కనపడదు. అంటే పాట నడిచినంతసేపూ కథ నిలబడిపోయింది.

పాటలో కథ కదలాలంటే మొదటి పని పాట రాయడం కాదు, రెండు వాక్యాలు రాయడం. పాట మొదలయ్యే ముందు ఎవరికి ఏం కావాలి, అది ఎవరి చేతిలో ఉంది అన్నది ఒకటి. పాట అయిపోయాక అదే సంగతి ఎలా ఉంది అన్నది రెండోది. నీ దృశ్యానికి మొదటి వాక్యం తేలికే: అక్కకు సంతకం కావాలి, కలం తమ్ముడి చేతిలో ఉంది. రెండో వాక్యం ప్రస్తుతం అదే. అది మారాలి. "తమ్ముడు మనసు మార్చుకున్నాడు" అని రాసుకోవద్దు, మనసు ప్రేక్షకుడికి కనపడదు. "కలం అక్క చేతికి వచ్చింది, సంతకం పెట్టాల్సింది ఇప్పుడు ఆమె" అని రాసుకో. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఆ మార్పు కనిపిస్తుంది.

తర్వాత దృశ్యం మొత్తం పాట లేకుండా మామూలు సంభాషణగా రాయి. తాళం, ప్రాస ఏమీ వద్దు. రాశాక మలుపు ఏ మాటల దగ్గర జరుగుతోందో గీత గియ్యి. పాట ఆ గీత మీద ఉండాలి. చాలామంది మలుపు మాటల్లో జరిపేసి, దాని తర్వాత మిగిలిన బాధనో సంతోషాన్నో పాటగా రాస్తారు. అప్పుడు పాటకు చేయడానికి పనేమీ మిగలదు, జరిగిపోయినదాన్నే అందంగా మళ్లీ చెబుతుంది.

ఇక మన పాట కట్టే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. పల్లవి అనేది స్వభావం కొద్దీ బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. కథేమో ముందుకు పోవాలి. అందుకని పల్లవి వదులుకోమని నేను చెప్పను. తిరిగొచ్చే మాట వల్లే ఎంత దూరం వచ్చామో వినేవాడికి తెలుస్తుంది. కాకపోతే అది వచ్చిన ప్రతిసారీ మాట అదే అయినా చేసే పని వేరై ఉండాలి. మొదటిసారి అభ్యర్థన, రెండోసారి బెదిరింపు, మూడోసారి మరొకరి నోట. నీ దృశ్యాన్నే తీసుకుని చూద్దాం. అది ఖండగతిలో బాగా ఒదుగుతుంది, అంటే దెబ్బకు అయిదు మాత్రలు. పల్లవి ఒక్క పంక్తి చాలు:

సంతకం పెట్టరా తమ్ముడూ

అయిదు, అయిదు, అయిదు. మూడు దెబ్బలు మాటకు, నాలుగో దెబ్బ ఖాళీ. ఆ ఖాళీని సంగీతంతో నింపెయ్యమని స్వరకర్తకు చెప్పకు, అక్కడే తమ్ముడు జవాబిస్తాడు. నిమిషానికి అరవై దెబ్బల నడక పెడితే పంక్తికి నాలుగు సెకన్లు పడుతుంది, అందులో ఒక సెకను అతనిది. అంతకన్నా వేగం పెంచితే అయిదు మాత్రలు ఒకదాని మీద ఒకటి పడి మాట అర్థం కాదు. మొదటి చరణంలో అక్క ఎత్తుగడ, ఇల్లు పాడైపోయిందని:

గోడలో చెమ్మ పైకెక్కింది
చూరులో వాసమే విరిగింది
సంతకం పెట్టరా తమ్ముడూ

ఖాళీ దెబ్బలో తమ్ముడు పాడకుండా మాటగా అంటాడు: "వాసం మార్చాను. చూడు." ఆ మూడు మాటలతో అక్క ఎత్తుగడ చచ్చిపోయింది. ఇక రెండో చరణం ఇల్లు గురించే ఉండడానికి వీల్లేదు. కిటికీలు, తలుపులు అని జాబితా పెంచితే కథ మళ్లీ ఆగుతుంది. చరణం మారిందంటే ఎత్తుగడ మారాలి, అదీ ముందుది ఓడిపోయింది కాబట్టి మారాలి:

అప్పులో సగము నే కట్టాను
ఇన్నాళ్లు నోరెత్తి అనలేదు
సంతకం పెట్టరా తమ్ముడూ

అదే పల్లవి ఇప్పుడు బాకీ వసూలులా వినిపిస్తుంది. ఒక్క అక్షరం మార్చలేదు. ముందున్న రెండు పంక్తులే దాని అర్థం మార్చాయి. ఇక్కడ తమ్ముడికి జవాబు రాయకు. ఖాళీ దెబ్బ ఖాళీగానే పోనీ. మొదటిసారి మాట వచ్చిన చోట ఈసారి మౌనం వస్తే, దెబ్బ తగిలిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో భాగం గతి మార్చడానికి సరైన చోటు. అయిదు నుంచి నాలుగుకు, చతురశ్రగతికి దిగు. నడక సాఫీ అయి, అక్క గెలిచానన్న ధీమాతో కాస్త తొందరపడుతుంది. తొందరలో నోరు జారుతుంది:

రేపే వాళ్లూ వస్తున్నారు
ఇచ్చిన డబ్బూ అయిపోయింది

"ఏ డబ్బు?" అంటాడు తమ్ముడు. వాయిద్యాలన్నీ ఆగిపోవాలి. ఎనిమిది దెబ్బల పాటు ఏమీ వద్దు. ఇల్లు కొనేవాళ్ల దగ్గర అక్క ముందే డబ్బు తీసుకుంది. తమ్ముడికి తెలియని ఆ సంగతి, ప్రేక్షకుడికీ తెలియని సంగతి, పాట లోపలే బయటపడింది. ఇప్పుడు పాట తీసేస్తే తర్వాతి డైలాగు అర్థం కాదు. ఇందాక చెయ్యి పెట్టి చదివిన పరీక్షలో ఇప్పుడు అతుకు కనిపిస్తుంది.

ఆ నిశ్శబ్దంలో అతను కాగితం తిరగేసి వెనకవైపు ఏదో రాస్తాడు. మళ్లీ ఖండగతి, అక్క పాడిన వరసే, కానీ నెమ్మదిగా, ఒక్క వాయిద్యంతో:

పుచ్చుకున్నది నేను కడతాను
ఇల్లు నా పేరుకే వదిలేసి
సంతకం పెట్టవే అక్కయా

ఇక్కడ "రా" పోయి "వే" వచ్చింది, "తమ్ముడూ" పోయి "అక్కయా" వచ్చింది. మిగతాదంతా ఆమె మాటే ఆమెకు తిరిగొచ్చింది. ఇంకొకటి గమనించు. మొదటి రెండుసార్లూ పల్లవి విడి వాక్యం. ఈసారి "వదిలేసి" అన్న అసమాపక క్రియ దాన్ని ముందు పంక్తికి ముడివేసింది. పల్లవి చరణంలో భాగమైపోయింది కాబట్టి పాట ఆగి బయల్దేరిన చోటికి వచ్చినట్టు ఉండదు. పల్లవి నిలిచిపోతోందని అనిపించినప్పుడల్లా ఈ పని చేసి చూడు. తెలుగులో "వచ్చి", "చూసి", "అంటే", "అయితే" వంటివాటితో ముందు పంక్తిని ముగించకుండా వదిలితే చాలు.

మాటలు చెవికి అందే విషయంలో కూడా జాగ్రత్త కావాలి. కథ పాటలో ఉన్నప్పుడు ఒక్క మాట పోయినా తర్వాతిదంతా పోతుంది. కొత్త సంగతి చరణానికి ఒక్కటే పెట్టు, అదీ పంక్తి చివర, ఖాళీకి ముందు. మధ్యలో పెడితే దాన్ని అందుకునేలోపు తర్వాతి మాట మీద పడుతుంది. హ్రస్వం ఉన్న చోట స్వరకర్త రాగం సాగదీయకుండా చూసుకో. "పడింది" అన్నదాంట్లో మొదటి అక్షరం సాగితే జనానికి "పాడింది" అనే వినిపిస్తుంది. సాగదీత కోసం "తమ్ముడూ", "అక్కయా" లాంటి దీర్ఘాలు పంక్తి చివర ఉంచావంటే ఆయనకు కావలసింది అక్కడే దొరుకుతుంది. నీ పాత పాటలో ఇద్దరూ ఒకేసారి వేర్వేరు మాటలు పాడతారు, అది తీసెయ్యి. ఒక్కొక్కరి మాటా విడిగా ఒకసారి వినపడ్డాక కలిపితే ఫరవాలేదు, కొత్త మాటలు కలిపితే రెండూ పోతాయి. అంత్యప్రాస కోసం కూడా సంగతి వంచకు. పైన చివరి చరణంలో ప్రాస లేదు, అతను లెక్క తేలుస్తున్నాడు, అక్కడ అది అక్కర్లేదు కూడా.

చిన్నతనం పాటను పారెయ్యమని అనడం లేదు. ఆగే పాటకూ చోటుంది, అది పెద్ద సంగతి జరిగిన వెంటనే. 1956లో వచ్చిన ఇంగ్లీషు పాటల నాటకం "మై ఫెయిర్ లేడీ"లో ఇది వరసగా కనిపిస్తుంది. ఎన్నాళ్లుగానో ఇంగ్లీషు సరిగ్గా పలకలేకపోతున్న కథానాయిక ఎలైజా స్పెయిన్ వాన గురించిన పాటలో మొదటిసారి సరిగ్గా పలుకుతుంది, అంటే జరగాల్సింది పాటలోనే జరిగిపోయింది. ఆ వెంటనే వచ్చే పాటలో ఆమె రాత్రంతా నాట్యం చేసేదాన్నని మురిసిపోతుంది, కథ కదలదు, ప్రేక్షకుడికి కూడా ఆ మురిపెం కావాలి. నీ చిన్నతనం పాటకు కూడా అటువంటి చోటు వెతుకు. అక్క సంతకం పెట్టేసి వెళ్లిపోయాక, తమ్ముడు ఒక్కడే ఇంట్లో మిగిలినప్పుడు పెడితే అవే మాటలు వేరేగా వినిపిస్తాయి.

పాట ముగింపు గురించి స్వరకర్తతో ముందే మాట్లాడుకో. ఆయన సహజంగా చివరి పల్లవిని మూడుసార్లు తిప్పి, ఆధార షడ్జం మీద గట్టిగా ఆపి, చప్పట్లకు చోటిస్తాడు. తిప్పిన ప్రతిసారీ పంక్తి పని తగ్గుతుంది, చప్పట్లు వస్తే ప్రశ్న చెదిరిపోతుంది. "అక్కయా" పంచమం మీద వదిలెయ్యమను, ఒక్కసారే. కలం ఆమె ముందు ఉంది, సంగీతం తేలకుండా ఆగింది, ఆమె ఇంకా ఏమీ అనలేదు. తర్వాతి డైలాగు ఆమెదే కావాలి, అది "పెట్టను" మాత్రం కాకూడదు, ఆ మాట ఇంతసేపూ తమ్ముడిది. "నీ దగ్గర అంత డబ్బెక్కడిది?" అని అడగనీ, తర్వాతి దృశ్యానికి దారి దొరుకుతుంది.

తిరగరాసింది పంపేముందు ట్యూన్ లేకుండా, చేత్తో తాళం వేస్తూ ఇద్దరి చేత బిగ్గరగా చదివించు. కథ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఎవరు ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నారో, ఇప్పుడు సంతకం ఎవరు పెట్టాలో చదవడం అయ్యాక అడుగు. రెండింటికీ తడుముకోకుండా చెబితే స్వరకర్తకు ఇవ్వు. ఏది తప్పు చెప్పారో ఆ పంక్తి మాత్రమే మార్చు, మిగతాది కదపకు.

ఇట్లు,
మామయ్య